పంపింది 1,000 డాలర్లు, ఇంటికి చేరింది తక్కువ: మధ్యలో ఏమైంది?

దూరతీరం (జూన్ 12, 2025)

అందరికీ నమస్కారం. నేను విదేశంలో పనిచేస్తున్నాను. జీతం డాలర్లలో వస్తుంది. ప్రతి నెలా నా బ్యాంకు యాప్ నుంచి తమ్ముడి ఖాతాకు 1,000 డాలర్లు పంపుతాను. ఈ నెల 9న పంపినప్పుడు మా ఇంటి కరెన్సీలో డాలరు విలువ 80. బ్యాంకు తన రుసుము 15 డాలర్లను విడిగా తీసుకుంది, దాని గురించి నాకు పేచీ లేదు. ఇంటికి 80,000 చేరాలి కదా! 11న జమ అయింది 76,985.20. అంటే 3,014.80 తక్కువ.

తమ్ముడికి ఫోన్ చేసి "మిగతాది ఏమైంది?" అని అడిగాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత పాస్‌బుక్‌లో ఆ పేజీని ఫోటో తీసి పంపాడు, ఏమీ మాట్లాడలేదు. అందులో ఒకే ఒక్క వరుస ఉంది, అదే అంకె. వాడిని అనుమానించినట్టు మాట్లాడానని రాత్రంతా నిద్ర పట్టలేదు. ఈ తేడా ఎక్కడ వచ్చిందో పైసాతో సహా తేల్చుకుని వాడికి చెప్పాలి. దారి చూపండి.

---

మధుకర్

ఇది చాలామందికి జరిగేదే. మీ రశీదులో ఛార్జీల దగ్గర SHA అని ఉందా, OUR అని ఉందా చూడండి. SHA అంటే ఖర్చులు ఇద్దరూ పంచుకోవడం. మధ్యలో ఉన్న బ్యాంకు కోత వేసుకుంటుంది. వచ్చే నెల నుంచి OUR పెట్టండి, ఖర్చులన్నీ మీరే కడతారు, అక్కడికి పూర్తి సొమ్ము చేరుతుంది. సమస్య తీరిపోయినట్టే.

---

నిరీక్షణ

నాకూ ఇదే జరిగింది. మా అమ్మకు పంపిన డబ్బు పదకొండు రోజులైనా రాలేదు. చివరికి ఖాతాలో ఆమె ఇంటిపేరు ముందు ఉంది, నేను వెనక రాశాను, అందుకే ఆపారని చెప్పారు. మీరు పేరు సరిగా రాశారో లేదో ముందు చూసుకోండి.

---

దూరతీరం

నిరీక్షణ గారూ, నా డబ్బు చేరింది, తక్కువగా చేరింది, అంతే. పేరులో తేడా లేదు. మధుకర్ గారూ, రశీదు చూశాను, SHA అనే ఉంది. యాప్‌లో అది ముందే ఎంచి ఉంటుంది, నేను ఎప్పుడూ మార్చలేదు. కానీ మధ్య బ్యాంకు మూడు వేలు కోసుకుంటుందా?

---

విశాలాక్షి

బాబూ, నేను విదేశాల నుంచి వచ్చే సొమ్మును ఖాతాల్లో జమచేసే విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. కౌంటరు దగ్గర రోజూ ఈ ప్రశ్నే వినేదాన్ని. ముందు ఒక మాట. 80,000నూ 76,985నూ ఎంతసేపు పక్కపక్కన పెట్టి చూసినా జవాబు దొరకదు. 1,000 డాలర్లూ పూర్తిగా చేరి, బ్యాంకు 76.98 రేటు ఇచ్చినా దాదాపు ఇదే అంకె వస్తుంది. 962 డాలర్లే చేరి, 80 రేటు ఇచ్చినా ఇంచుమించు ఇదే వస్తుంది. ఒకటి దారిలో జరిగిన కోత, రెండోది గమ్యం దగ్గర జరిగిన కోత. చివరి అంకెకు ఆ తేడా తెలియదు.

కాబట్టి కావాల్సింది ఒకే ఒక్క అంకె. మీ తమ్ముడి బ్యాంకుకు, కరెన్సీ మార్చకముందు, ఎన్ని డాలర్లు చేరాయి? అది తెలిస్తే లెక్క రెండు ముక్కలుగా విడిపోతుంది. దానికి ముందున్నదంతా దారి ఖర్చు, తర్వాతదంతా రేటూ ఆ బ్యాంకు రుసుమూ.

పాస్‌బుక్‌లో అది ఉండదు, అక్కడ మిగిలిన మొత్తమే వేస్తారు. మీ తమ్ముడిని బ్యాంకుకు వెళ్లి, ఫలానా తేదీన విదేశం నుంచి వచ్చిన సొమ్ముకు అడ్వైస్ కాగితం ఇమ్మని అడగమనండి. వచ్చిన విదేశీ మొత్తం, వేసిన రేటు, తీసుకున్న రుసుము, జమ చేసిన మొత్తం, నాలుగూ అందులో ఉంటాయి. మీరు కూడా మీ బ్యాంకు నుంచి పంపిన సందేశం నకలు తీసుకోండి. దాన్ని MT103 అంటారు.

ఇంకొకటి. 80 అన్న రేటు మీకెక్కడ కనిపించింది? యాప్‌లోనా, బయట వెతికితేనా?

---

దూరతీరం

బయట వెతికితే కనిపించింది. పంపేటప్పుడు యాప్‌లో రేటు ఏమీ చూపలేదు, నేను డాలర్లనే పంపాను. అది కూడా తేడాకు కారణమా?

---

విశాలాక్షి

అవును. మీరు పంపింది డాలర్లు, మార్చింది మీ తమ్ముడి బ్యాంకు. అంటే రేటు మీరు పంపిన రోజుది కాదు, వాళ్లు జమచేసిన రోజుది. పైగా బయట కనిపించే ఆ 80 బ్యాంకులు తమలో తాము కొని అమ్ముకునే ధరలకు నడిమధ్య అంకె. ఖాతాదారుకు సాధారణంగా ఏ బ్యాంకూ ఆ రేటు ఇవ్వదు. కాగితాలు రానివ్వండి, అంకెలతోనే మాట్లాడుకుందాం.

---

సత్యవతి

నేను అవతలి ఒడ్డున ఉన్నదాన్ని, అందుకే రాస్తున్నాను. మా ఆయన పంపుతారు, నేను అందుకుంటాను. పెళ్లయిన మొదటి రెండేళ్లు ప్రతి నెలా ఈ లెక్క దగ్గరే మాటామాటా పెరిగేది. ఆయన రాసుకునేది పంపిన అంకె, నేను చెప్పేది అందిన అంకె. ఆయన లెక్కలో నేను ఎప్పుడూ రెండు మూడు వేలకు జవాబు చెప్పాల్సినదాన్నే. బ్యాంకులో అడిగితే "అంతేనమ్మా, అలాగే వస్తుంది" అనేవారు. అడ్వైస్ అనే కాగితం ఒకటి ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. దూరతీరం గారూ, కాగితం వచ్చేదాకా ఆగకుండా ఇవాళే మీ తమ్ముడికి ఫోన్ చేయండి. "ఏమైంది?" అని అడగవద్దు. "బ్యాంకు ఎంత కోసిందో కనుక్కుందాం" అనండి. ఆ రెండు మాటలకూ చాలా తేడా ఉంది.

---

దూరతీరం (జూన్ 14)

సత్యవతి గారూ, చేశాను. వాడు ఉదయమే బ్యాంకుకు వెళ్లాడు. అడ్వైస్ సోమవారం ఇస్తామన్నారట.

ఈలోగా నా బ్యాంకు MT103 నకలు పంపింది. అందులో 32A అనే వరుసలో USD1000,00 అని స్పష్టంగా ఉంది. అంటే నా బ్యాంకు వెయ్యి డాలర్లూ పంపేసింది. ఇక కోత అంతా అవతలి బ్యాంకుదే కదా? వాళ్ల మీద ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను.

---

మధుకర్

కచ్చితంగా వాళ్లదే. కాగితమే సాక్ష్యం.

---

విశాలాక్షి

ఆ ఫిర్యాదు ఇప్పుడే పంపవద్దు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

మీ బ్యాంకుకూ మీ తమ్ముడి బ్యాంకుకూ నేరుగా ఖాతా లావాదేవీలు లేకపోతే, రెంటికీ ఖాతా ఉన్న మరో బ్యాంకు మధ్యలో నిలుస్తుంది. ఒక్కోసారి రెండు కూడా ఉంటాయి. డబ్బు ఒకే సందేశం మీద ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లదు. మీ బ్యాంకు మధ్య బ్యాంకుకు ఒక సందేశం రాస్తుంది. మధ్య బ్యాంకు తన రుసుము తీసుకుని, మీ తమ్ముడి బ్యాంకుకు మళ్లీ కొత్తగా ఒకటి రాస్తుంది. మీ చేతిలో ఉన్నది మొదటి సందేశం. మీ బ్యాంకు గడప దాటేటప్పుడు వెయ్యి ఉందని అది చెబుతుంది. దారిలో ఏమైందో చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి కోత ఇంకా జరగలేదు.

మీరు చూడాల్సింది మీ తమ్ముడి బ్యాంకుకు అందిన సందేశం. నకలు ఇవ్వరేమో, కానీ అందులోని అంకెలు చెప్పమని అడగవచ్చు. మీ నకలులో UETR అనే పొడవైన సంఖ్య ఉంటుంది. అక్షరాలు, అంకెలు, మధ్యలో నాలుగు గీతలు, మొత్తం 36 గుర్తులు. దారిలో సందేశాలు ఎన్ని మారినా ఆ సంఖ్య మాత్రం మారదు. మీ తమ్ముడికి అది పంపండి. అది చూపిస్తే కౌంటరులో ఉన్నవారు "ఏ డబ్బు, ఎప్పటిది" అని వెతకాల్సిన పని ఉండదు.

---

దూరతీరం (జూన్ 16)

విశాలాక్షి గారూ, మీ మాటే నిజమైంది. తమ్ముడు UETR చూపించగానే అక్కడున్న ఆమె కంప్యూటర్‌లో తెరిచి, ఈ నాలుగు వరుసలు కాగితం మీద రాసి ఇచ్చింది:

```
:32A:250611USD982,00
:33B:USD1000,00
:71A:SHA
:71F:USD18,00
```

అడ్వైస్ కూడా ఇచ్చారు. వచ్చింది 982 డాలర్లు, రేటు 78.60, మొత్తం 77,185.20, బ్యాంకు రుసుము 200, జమ 76,985.20. పాస్‌బుక్‌లోని అంకె ఇదే.

---

విశాలాక్షి

ఇక చీకటి లేదు. ఆ నాలుగు వరుసలే మొత్తం కథ. 33Bలో ఉన్నది మీరు పంపమన్న మొత్తం. 71Fలో ఉన్నది దారిలో కోసుకున్న రుసుము. రెండోదాన్ని మొదటి దానిలోంచి తీసేస్తే 32Aలో ఉన్నది వస్తుంది. మధ్యలో రెండు బ్యాంకులు కోసుకుని ఉంటే 71F రెండు వరుసలుగా కనిపించేది. ఇక్కడ ఒక్కటే ఉంది.

ఇప్పుడు మీ 3,014.80ని విడదీద్దాం. దారిలో పోయిన 18 డాలర్లు, మీరు అనుకున్న 80 చొప్పున 1,440. మిగిలిన 982 డాలర్ల మీద రేటు 80కి బదులు 78.60 వేశారు, డాలరుకు 1.40 చొప్పున 1,374.80. జమచేసిన బ్యాంకు రుసుము 200. కూడి చూడండి, సరిగ్గా 3,014.80.

రేటు ముక్కలో ఇంకొంచెం లోతు ఉంది. 11వ తేదీన బయటి రేటు ఎంత ఉందో చూశారా?

---

దూరతీరం

ఇప్పుడే చూశాను. 79.60.

---

విశాలాక్షి

అయితే డాలరుకు 0.40 ఈ రెండు రోజుల్లో మార్కెట్ తగ్గినందువల్ల పోయింది. 982 మీద 392.80. ఇది ఎవరి జేబులోకీ వెళ్లలేదు. ఆ రెండు రోజుల్లో రేటు పెరిగి ఉంటే మీకే కలిసి వచ్చేది. డాలరుకు మిగిలిన 1.00 చొప్పున 982 మాత్రం బ్యాంకు తన రేటులో ఉంచుకున్న లాభం. అది రుసుము అన్న పేరుతో ఎక్కడా కనిపించదు. అడిగితే "మా దగ్గర రుసుము 200 మాత్రమే" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పినట్టు కాదు, కానీ మీ లెక్కలో అది ఖర్చే.

---

కోటిలెక్కలు

విశాలాక్షి గారి విడదీత బాగుంది. కానీ అసలు బ్యాంకు దారే ఎందుకు? నేను డబ్బు పంపే యాప్ వాడతాను. రుసుము సున్నా. పంపే ముందే రేటు, అందే మొత్తం చూపిస్తుంది, అంతే అందుతుంది.

---

విశాలాక్షి

ఆ యాప్ జూన్ 9న ఎంత రేటు చూపించింది?

---

కోటిలెక్కలు

77.90. వెయ్యి డాలర్లకు 77,900.

---

విశాలాక్షి

బయట 80 ఉన్న రోజున 77.90 అంటే డాలరుకు 2.10 వాళ్లు ఉంచుకున్నారు. వెయ్యి డాలర్లకు 2,100. రుసుము సున్నా, ఖర్చు సున్నా కాదు. అయినా ఈ ఒక్క సందర్భంలో మీ దారే చవక, ఆ మాటా ఒప్పుకోవాలి. దూరతీరం జేబులోంచి పోయింది 1,015 డాలర్లు, ఇంట్లో అందింది 76,985.20. భాగిస్తే డాలరుకు సుమారు 75.85. మీది 77.90.

నేను ఎవరికైనా చెప్పేది ఈ ఒక్క భాగహారమే. చేతికి అందిన మొత్తాన్ని, జేబులోంచి పోయిన మొత్తంతో భాగించండి. రుసుమునీ రేటునీ విడివిడిగా పోలిస్తే ఏ సంస్థ అయినా ఏదో ఒకదానిలో బాగానే కనిపిస్తుంది.

---

మధుకర్

సరే, రేటు సంగతి నేను మరిచాను. కానీ ఆ 18 డాలర్లయినా OURతో మిగులుతాయి కదా?

---

దూరతీరం

మధుకర్ గారూ, మా బ్యాంకులో OUR ఎంచుకుని చూశాను. మామూలు 15 మీద అదనంగా మరో 20 డాలర్లు అడుగుతోంది.

---

విశాలాక్షి

18 మిగుల్చుకోవడానికి 20 కట్టడం అవుతుంది. ఇంటి దగ్గర అంకె పెద్దదవుతుంది, మొత్తం మీద రెండు డాలర్లు నష్టం. కచ్చితంగా ఇంత మొత్తం చేరి తీరాలి, ఒక్క డాలరు తగ్గినా ఒప్పుకోరు అన్నప్పుడు, కళాశాల రుసుము లాంటి వాటికి, OUR అవసరం. నెలనెలా ఇంటికి పంపే సొమ్ముకు లెక్క వేసుకున్నాకే నిర్ణయించండి. OUR వల్ల మారకపు రేటు ఒక్క పైసా కూడా మారదు. దాని పని దారి ఖర్చు వరకే.

దానికి ఒక ప్రయోజనం మాత్రం ఉంది. OUR అని కట్టాక కూడా మధ్యలో కోత పడితే మీ బ్యాంకును గట్టిగా అడిగే హక్కు మీకు ఉంటుంది. అలాంటి కోతలు నేను చూశాను. SHA మీద పంపి కోత పడిందని అడిగితే, "మీరు ఒప్పుకున్నదే" అంటారు.

---

పడమటిగాలి

నేను అమెరికాలో ఉంటాను. ఇక్కడ ఇలా జరిగితే చట్టవిరుద్ధం. పంపే ముందే అందే మొత్తం చూపాలి. తక్కువ చేరితే 180 రోజుల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. దూరతీరం గారూ, మొత్తం తిరిగి రాబట్టండి.

---

విశాలాక్షి

ఆ నిబంధన ఉన్న మాట నిజమే, మంచి నిబంధన. కానీ అది అమెరికా నుంచి వ్యక్తులు ఇంటి అవసరాలకు పంపే సొమ్ముకు మాత్రమే. అక్కడ కూడా, అందుకునే బ్యాంకు తన ఖాతాదారు దగ్గర తీసుకునే రుసుము వల్ల తగ్గవచ్చు అన్న హెచ్చరిక రశీదులో ఉంటుంది, ఆ భాగం తిరిగి రాదు. దూరతీరం ఏ దేశంలో ఉన్నారో అక్కడి నియమం ఏమిటో ముందు చూసుకోవాలి. రశీదులో "అందే మొత్తం" అన్న గడి ఉందా, లేదా? దాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

---

దూరతీరం

నా రశీదులో ఆ గడి లేదు. పంపిన మొత్తం, రుసుము, SHA, అంతే.

ఇంకొక సంగతి నాకు అంతుపట్టడం లేదు. మీరు చెప్పాక పాత నెలల అడ్వైస్‌లు కూడా తెప్పించాను. ఏప్రిల్‌లో 1,000 డాలర్లూ చేరాయి. మే నెలలో 982. జూన్‌లో 982. నేను ఏమీ మార్చలేదు. అదే యాప్, అదే ఖాతా, అదే SHA.

---

కోటిలెక్కలు

ఏప్రిల్‌లో మధ్య బ్యాంకు మరిచిపోయి ఉంటుంది.

---

విశాలాక్షి

బ్యాంకులు ఇలాంటివి మరిచిపోవు. ఎక్కువగా జరిగేది దారి మారడం. ఏప్రిల్‌లో మీ బ్యాంకు పంపిన మధ్య బ్యాంకుకూ మీ తమ్ముడి బ్యాంకుకూ కోత లేకుండా జమచేసే ఒప్పందం ఉండవచ్చు. మే నుంచి మరో మధ్య బ్యాంకు గుండా పంపుతూ ఉండవచ్చు. ఇది నా ఊహే, రుజువు మీ దగ్గరే ఉంది. మీ రెండు MT103 నకళ్లూ పక్కపక్కన పెట్టి 53, 54, 56 అంకెలతో మొదలయ్యే వరుసలు చూడండి. మధ్య బ్యాంకుల గుర్తులు అక్కడ ఉంటాయి. ఏప్రిల్‌కూ మేకూ తేడా కనిపిస్తే దారే మారింది. తేడా లేకపోతే ఆ మధ్య బ్యాంకు తన రుసుముల పట్టిక మార్చి ఉండవచ్చు.

నకళ్లు తొందరగా తీసి పెట్టుకోండి. ఈ MT103 పద్ధతి 2025 నవంబరుతో ఆగిపోయి, కొత్త రకం సందేశం వస్తోంది. అందులో వరుసల పేర్లు వేరు, SHAకి బదులు SHAR అని ఉంటుంది. అప్పుడు పాతదాన్ని, కొత్తదాన్ని వరుసకు వరుస పోల్చడం కష్టం.

---

నిరీక్షణ

నేను మొదట ప్రశ్న సరిగా చదవలేదు, క్షమించండి. ఇదంతా చదివాక మా అమ్మ పాస్‌బుక్ తీయించాను. ఆమెకు కూడా ప్రతి నెలా ఏదో తగ్గుతూనే ఉంది. "నాకు సరిపోతోందిలే" అనుకుని ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. అడ్వైస్ అడగడానికి వెళ్లే ఓపిక ఆమెకు లేదు. ఇక్కడి నుంచి నేను అడగవచ్చా?

---

విశాలాక్షి

ఖాతాదారు కాని వారికి వాళ్లు చెప్పరమ్మా, చెప్పకూడదు కూడా. కానీ మీ బ్యాంకును మీరు అడగవచ్చు. మీ UETR ఇచ్చి, "చివరి బ్యాంకుకు ఎంత చేరింది, దారిలో ఎవరు ఎంత తీసుకున్నారు?" అని రాతపూర్వకంగా అడగండి. చాలా బ్యాంకులు తమ తెర మీదే చూసి చెప్పగలవు. కొన్ని దానికి మళ్లీ రుసుము తీసుకుంటాయి, ముందే కనుక్కోండి. డాలర్లు ఎన్ని చేరాయో అలా తెలుస్తుంది. రేటూ రుసుమూ కలిపి ఎంత పోయిందో అమ్మగారి పాస్‌బుక్‌లోని అంకెతో మీరే తేల్చుకోవచ్చు.

---

దూరతీరం (జూన్ 21)

నకళ్లు చూశాను. ఏప్రిల్‌లో 54 వరుసలో ఉన్న గుర్తు మే నాటికి లేదు, దాని బదులు 56లో వేరే బ్యాంకు గుర్తు ఉంది. దారి ఎందుకు మార్చారో మా బ్యాంకును రాసి అడిగాను. "మా అంతర్గత నిర్ణయం" అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. 18 డాలర్లు తిరిగి ఇవ్వరట. పాత దారిలో పంపమని అడిగితే ఖాతాదారు కోరిక మీద మార్చలేమన్నారు. దీన్ని ఇంకా వదల్లేదు, పైఅధికారికి రాశాను.

నిన్న రాత్రి తమ్ముడితో మాట్లాడాను. ఫోన్‌లోనే, అడ్వైస్ కాగితం ఇద్దరం ముందు పెట్టుకుని 1,440, 392.80, 982, 200 అంటూ ఒక్కొక్కటీ వాడి చేతే కూడించాను. మొత్తం 3,014.80 రాగానే వాడు "అన్నయ్యా, ఏప్రిల్ కాగితం కూడా చూడు, అప్పటి రుసుము 150 మాత్రమే" అన్నాడు. నేను చూడలేదు, వాడు చూశాడు. ఆ 50 ఎందుకు పెరిగిందో సోమవారం తనే బ్యాంకుకు వెళ్లి అడుగుతానన్నాడు.